ఖాళీ ఉన్నా ఫైలు ఎందుకు పట్టదు?

డిస్కులో 24 కేబీ ఖాళీ ఉంది, అయినా 17 కేబీ ఫైలు పట్టడం లేదు. విడ్డూరంగా ఉన్నా, బ్లాకులు పంచే పద్ధతిని బట్టి ఇలా జరగొచ్చు.

ఒక్కోటి 4 కేబీ చొప్పున 20 బ్లాకులున్న బుల్లి డిస్కు అనుకోండి, నంబర్లు 0 నుంచి 19. క అనే ఫైలు 0–4లో, చ 5–8లో, ట 9–14లో, త 15–17లో ఉన్నాయి, చివరి రెండూ ఖాళీ. ఇలా ప్రతి ఫైలునీ వరసగా పెట్టేదే కంటిగ్యుయస్ పద్ధతి. మొదటి బ్లాకు నంబరు, మొత్తం ఎన్ని బ్లాకులు అన్నవి రాసుకుంటే చాలు, చదవడం కూడా చకచకా అయిపోతుంది.

ఇప్పుడు చ ని డిలీట్ చేసి, 17 కేబీల ప ని పెట్టబోయాం. దానికి 5 బ్లాకులు కావాలి. ఖాళీగా 6 ఉన్నాయి కానీ నాలుగు ఇక్కడ, రెండు అక్కడ, మధ్యలో ట, త అడ్డం. ఇదే ఎక్స్‌టర్నల్ ఫ్రాగ్మెంటేషన్. ట కాస్త పెరగాలన్నా ఇదే తంటా, పక్కనే త కూర్చుంది కదా. రాశాక మారని సీడీల్లో అయితే ఈ గొడవే లేదు, అందుకే వాటికి ఈ పద్ధతి బాగా కుదిరింది.

లింక్డ్ పద్ధతిలో ప హాయిగా పడుతుంది: 5, 6, 7, 8, ఆ తర్వాత 18. ప్రతి బ్లాకులోనూ తర్వాతి బ్లాకు నంబరు ఉంటుంది. చిక్కేమిటంటే, ఫైలు చివరి ముక్క మాత్రమే కావాలన్నా ముందు నాలుగూ చదువుకుంటూ పోవాల్సిందే, మధ్యలో ఒక్క లింకు చెడితే ఆ తర్వాతదంతా గల్లంతు. డాస్ కాలం నాటి ఫ్యాట్ ఫైల్ సిస్టమ్ ఈ లింకులన్నిటినీ బయటికి తీసి ఒకే పట్టికలో పెట్టింది. గొలుసు అలాగే ఉంది, కాకపోతే పట్టిక మెమరీలో ఉంటే దాన్ని వెతకడానికి డిస్కు చుట్టూ తిరగక్కర్లేదు.

ఇండెక్స్‌డ్ పద్ధతిలో బ్లాకు 19 తీసుకుని అందులో 5, 6, 7, 8, 18 అని జాబితా రాస్తాం, ఇక ఏ ముక్క కావాలన్నా నేరుగా వెళ్లొచ్చు. కానీ ఒక్క బ్లాకు ఫైలుకి కూడా జాబితాకో బ్లాకు దండగ. అందుకే లినక్స్ ఫైల్ సిస్టమ్ ఎక్స్‌ట్2లో, ఫైలు వివరాలు రాసుకునే ఐనోడ్‌లోనే 12 నంబర్లకి చోటిచ్చారు, 4 కేబీ బ్లాకులతో 48 కేబీ దాకా విడి జాబితా అక్కర్లేదు. అది దాటితేనే 1024 నంబర్లు పట్టే జాబితా బ్లాకు వస్తుంది, దాంతో మరో 4 ఎంబీ.

అయితే ఈ రెండు పద్ధతులూ ఫ్రాగ్మెంటేషన్‌ని పోగొట్టలేదు, రూపం మార్చాయంతే. ముందు చోటు దొరకలేదు, ఇప్పుడు దొరికింది గానీ హార్డ్ డిస్కు హెడ్ 8 నుంచి 18కి దూకాలి, అలాంటి దూకుళ్లు వేలకొద్దీ ఉంటే ఫైలు తెరుచుకోవడం నత్తనడకే. హెడ్ లేని ఎస్‌ఎస్‌డీల్లో ఈ బాధ చాలా తక్కువ. ఇక 17 కేబీకి 20 కేబీ ఇచ్చాం కదా, చివరి బ్లాకులో మిగిలిన ఆ 3 కేబీ ఇంకెవరికీ పనికిరాదు. దాన్ని ఇంటర్నల్ ఫ్రాగ్మెంటేషన్ అంటారు, పై మూడు పద్ధతుల్లో ఏదీ దాన్ని తప్పించదు.

లినక్స్‌లో మీ ఫైలు ఎన్ని ముక్కలైందో చూడాలంటే:

```
filefrag -v movie.mp4
```

`1 extent found` అని వస్తే అంతా ఒకే వరసలో ఉన్నట్టు.