గెలవదని తెలిసినా ఆ అంచనా ఎందుకు?

ఐదక్షరాల ఇంగ్లిష్ పదాన్ని ఆరు ప్రయత్నాల్లో కనిపెట్టే ఆట వర్డిల్. దాన్ని ఆడేవాళ్ల మధ్య పాత తగువు మళ్లీ లేచింది. జవాబు కాదని ముందే తెలిసిన పదాన్ని, కేవలం అక్షరాలు ఏరడానికి కొట్టడం తెలివా, దొంగాటా? వర్డిల్‌ను కఠినమైన ‘హార్డ్ మోడ్’లో ఆడేవాళ్లది ఒకటే మాట: దొరికిన ఆధారాలన్నిటికీ సరిపోయే పదమే వెయ్యాలి, లేకపోతే అది ఆటే కాదు. ఈ వాదన వర్డిల్‌తో పుట్టిందనుకుంటే పొరపాటు. దాని మూలం 1970ల నాటి మాస్టర్‌మైండ్‌లో, అంటే ఒకరు దాచిన రంగుల వరసను ఇంకొకరు కనిపెట్టే ఆటలో ఉంది.

ఆ ఆట ఎవరు కనిపెట్టారు, ఎన్ని పెట్టెలు అమ్ముడయ్యాయి అన్న కథ చాలామందికి తెలిసిందే, దాని జోలికి పోను. ఆరు రంగులు, నాలుగు స్థానాలు, ఒక రంగు మళ్లీ రావచ్చు. రంగులకు 1 నుంచి 6 దాకా అంకెలిస్తే, మొత్తం 1296 కోడ్‌లు. రంగూ చోటూ కుదిరితే నల్ల పెగ్గు, రంగు ఉండి చోటు తప్పితే తెల్ల పెగ్గు. (పెగ్గు అంటే మనవాళ్లకు ముందు ఇంకేదో గుర్తొస్తుంది, సరే.)

అసలు మలుపు కంప్యూటర్ శాస్త్రవేత్త డోనాల్డ్ క్నూత్ 1976–77లో రాసిన చిన్న వ్యాసం. ఏ కోడ్ అయినా ఐదు ప్రయత్నాల్లోపు దొరికిపోతుందని ఆయన చూపించాడు. పద్ధతి చెప్పడానికి తేలికే. ఒక అంచనా వేస్తే రాగల నలుపు తెలుపుల జవాబులను బట్టి మిగిలిన కోడ్‌లు గుంపులుగా విడిపోతాయి. అన్నిటికన్నా పెద్ద గుంపు ఎంత చిన్నదైతే ఆ అంచనా అంత మంచిది. 1111తో మొదలుపెడితే, ఖర్మ కాలితే ఇంకా 625 కోడ్‌లు మిగులుతాయి. 1122తో అయితే ఎంత చెడ్డా 256 మించవు. అందుకే ఆయన ఎప్పుడూ 1122తోనే మొదలుపెడతాడు.

ఇప్పుడు తగువు సంగతి. ఆ వ్యాసంలోని ఆటే ఇది. దాచిన కోడ్ 3632.

```
1122  నలుపు 1
1344  తెలుపు 1
3526  నలుపు 1, తెలుపు 2
```

ఈ మూడు జవాబులకూ సరిపోయేవి ఏడే: 3632, 3662, 4562, 4625, 5532, 6425, 6623. మామూలుగా మనమైతే వీటిలోంచే ఒకటి ఎత్తుకుంటాం. క్నూత్ 1462 వేస్తాడు. ఏడింటిలో దేనిలోనూ 1 లేదు, కాబట్టి అది గెలవదు, ఖాయం. అయినా దానికి ఒక్కో కోడ్ ఒక్కో రకం జవాబిస్తుంది. 3632 అయితే ఒక నలుపు, ఒక తెలుపు. 5532 అయితే నలుపు ఒక్కటే. 4625 అయితే మూడు తెలుపులు. మిగతా నాలుగూ అంతే, ఏ రెండిటికీ పోలిక లేదు. ఐదో అంచనాకు కోడ్ చేతికి చిక్కినట్టే. దాని బదులు 3632 వేశారనుకోండి. దాచింది 4562 అయినా 4625 అయినా జవాబు ఒకటే, ఒక నలుపు, ఒక తెలుపు. అక్కడ బొమ్మా బొరుసే. ఏడింటిలో ఏది ఎత్తుకున్నా ఐదింట ముగుస్తుందన్న భరోసా ఉండదని క్నూత్ తేల్చాడు.

హార్డ్ మోడ్ వాళ్ల పక్షాన చెప్పుకోదగ్గ మాట ఒకటుంది. లెక్క వేసి చూస్తే, ఇక్కడ 3632 వేసినా 1462 వేసినా సగటు ఐదు ప్రయత్నాలే. మొదటి దారిలో ఒక్కోసారి నాలుగింటికే అయిపోతుంది, ఒక్కోసారి ఆరు దాకా లాగుతుంది.

కానీ వర్డిల్‌లో ఆరు దాటితే ఓటమే. అక్కడే వాళ్ల నిబంధన మెడకు చుట్టుకుంటుంది. మొదటి పదం LIGHT వేస్తే చివరి నాలుగక్షరాలూ పచ్చబడ్డాయనుకుందాం, అంటే అక్షరమూ చోటూ కుదిరాయి. NIGHT, FIGHT, MIGHT, SIGHT, RIGHT, TIGHT, EIGHT... కనీసం ఏడు పదాలు, మిగిలింది ఐదు అవకాశాలు. హార్డ్ మోడ్‌లో ఒక్కొక్కటే కొట్టుకుంటూ పోవాలి, ఆ టెన్షన్ పడ్డవాళ్లకే తెలుసు. మామూలు మోడ్‌లో FIRMS వేస్తే F పచ్చబడితే FIGHT. R, M, S లలో ఏది పసుపైతే, అంటే అక్షరం ఉండి చోటు తప్పితే, దానితో మొదలయ్యే పదం. ఈ నాలుగు అక్షరాల్లో ఏదీ వెలగకపోతే ఈ ఏడింటిలో మూడే మిగులుతాయి. 1462 చేసిన పనే ఇది.

మాస్టర్‌మైండ్‌లో ఈ భరోసా ఖరీదెంతో 1993లో కొయామా, లాయ్ అనే పరిశోధకులు కంప్యూటర్‌తో తేల్చారు. ఆరు దాకా వెళ్లినా ఫర్వాలేదు అనుకుంటే, 1296 కోడ్‌లూ ఛేదించడానికి మొత్తం 5625 ప్రయత్నాలు చాలు. ఐదు దాటకూడదని పట్టుబడితే 5626.