నల్లగొండ నీళ్లకు ఆరు సీసాల కొలబద్ద

మర్రిగూడ మండలం నుంచి వచ్చిన బోరు నీళ్లు చూడటానికి తేటగా ఉంటాయి. అందులో ఫ్లోరైడ్ ఎంతుందో కంటికి కనబడదు, నాలుకకు తెలియదు. తాగునీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదని మన దేశ ప్రమాణం. వేరే నీళ్లు దొరకని చోట 1.5 వరకు ఒప్పుకుంటారు. ఈ గీతకు నీళ్లు ఇటున్నాయా అటున్నాయా అని తేల్చడానికి ల్యాబులో ఫ్లోరైడ్ ఎలక్ట్రోడ్ వాడతాం. అయితే ఎలక్ట్రోడ్ చెప్పేది మిల్లీవోల్టుల్లో. దాన్ని మిల్లీగ్రాముల్లోకి మార్చాలంటే, ఫ్లోరైడ్ ఎంతుందో ముందే తెలిసిన ద్రావణాలు కొన్ని పక్కన ఉండాలి. వాటిని తయారుచేసే పద్ధతే సీరియల్ డైల్యూషన్.

ముందు స్టాక్ కావాలి. ఆరబెట్టిన సోడియం ఫ్లోరైడ్ 221 మిల్లీగ్రాములు తూచి, డిస్టిల్డ్ వాటర్‌లో కరిగించి సరిగ్గా లీటరు చేస్తే, లీటరుకు 100 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉన్న ద్రావణం వస్తుంది. దీన్ని ప్లాస్టిక్ సీసాలోనే నిల్వ చేయాలి, ఎందుకంటే ఫ్లోరైడ్ గాజుతో చర్య జరపగలదు. ఇది విషం కూడా, అందుకే పిపెట్‌ను నోటితో పీల్చకూడదు, బల్బు వాడాలి.

ఈ స్టాక్ నుంచే నేరుగా అన్నీ చేసుకోవచ్చు కదా అని కొత్తగా వచ్చిన పిల్లలు అడుగుతారు. 0.25 గాఢత ఉన్న ద్రావణం 100 మి.లీ. కావాలంటే స్టాక్ 0.25 మి.లీ. తీయాలి. ఒక చుక్క దాదాపు 0.05 మి.లీ. ఉంటుంది కాబట్టి, ఒక్క చుక్క తేడా వస్తే 20 శాతం తప్పినట్టే. అదే 25 మి.లీ. పిపెట్‌తో తీస్తే ఆ చుక్క 0.2 శాతమే. అందుకే పెద్ద కొలతలతో, సగానికి సగం చేసుకుంటూ పోతాం. ప్లాన్ ఇది:

| సీసా | తీసుకునేది | నీళ్లు | గాఢత (మి.గ్రా./లీ.) |
|---|---|---|---|
| 1 | స్టాక్ 8 మి.లీ. | 92 మి.లీ. | 8 |
| 2 | 1వ సీసా నుంచి 25 మి.లీ. | 25 మి.లీ. | 4 |
| 3 | 2 నుంచి 25 | 25 | 2 |
| 4 | 3 నుంచి 25 | 25 | 1 |
| 5 | 4 నుంచి 25 | 25 | 0.5 |
| 6 | 5 నుంచి 25 | 25 | 0.25 |

ప్రతి సీసానూ మూతపెట్టి పది సార్లు తలకిందులు చేశాకే తర్వాతి సీసాకు తీయాలి. పిపెట్‌ను కూడా ఇప్పుడు తీయబోయే ద్రావణంతోనే ఒకసారి కడగాలి. కొలిచే ముందు ప్రతిదాని నుంచి 10 మి.లీ. తీసి, టిసాబ్ అనే బఫర్ ద్రావణం అంతే కలుపుతాం. బోరు నీళ్లకూ ఇదే లెక్క. నీళ్లలో అల్యూమినియం, ఇనుము ఉంటే అవి ఫ్లోరైడ్‌ను పట్టేసుకుంటాయి, టిసాబ్ దాన్ని విడిపిస్తుంది. మన జిల్లా పేరుతోనే ఉన్న నల్లగొండ టెక్నిక్‌లో అల్యూమినియం ఉన్న పటిక వాడతారు కనుక, అలా శుద్ధి చేసిన నీళ్లు కొలిచేటప్పుడు ఇది మరీ ముఖ్యం.

ఈ పద్ధతిలో నాకు ఎప్పుడూ టెన్షన్ పెట్టేది ఒకటే విషయం. ఒక సీసాలో చేసిన తప్పు అక్కడితో ఆగదు, కింది సీసాలన్నిటికీ పాకుతుంది. ఒకసారి నేనే రెండో సీసాలో 25 బదులు 20 మి.లీ. నీళ్లు పోశాను. స్టాండులో రెండు పిపెట్లూ పక్కపక్కనే ఉన్నాయి. లేబుల్ మీద 4 అని ఉన్నా, లోపల ఉన్నది 4.44. ఆ తర్వాతవి 2.22, 1.11, అలా చివరిదాకా. మిగతా పని అంతా పద్ధతిగానే చేశాను, అయినా అన్నీ 11 శాతం ఎక్కువే. ఆ లేబుళ్లు నమ్మి గ్రాఫు గీస్తే, నిజంగా 1.6 ఉన్న బోరు నీళ్లు 1.44 అని వస్తాయి. గీత దాటిన నీళ్లను తాగవచ్చని రాసిచ్చేవాళ్లం.

దీన్ని పట్టించింది మిల్లీవోల్టులే. 25 డిగ్రీల దగ్గర ఫ్లోరైడ్ సగమైన ప్రతిసారీ రీడింగ్ దాదాపు 18 మిల్లీవోల్టులు పెరగాలి. మన ఎండాకాలంలో గది 35 డిగ్రీలు ఉంటే ఇది 18.4 దాకా పోతుంది, అందుకే సీసాలూ నీళ్ల నమూనాలూ ఒకే వేడిమిలో ఉండాలి. పలుచని సీసా నుంచి చిక్కని దాని వైపు కొలుస్తూ వచ్చాను. ఆరు నుంచి రెండు దాకా ప్రతి రెండింటి మధ్యా 18 వచ్చింది. రెండుకూ ఒకటికీ మధ్య మాత్రం 15. ఎలక్ట్రోడే పాడైతే తేడా అన్నిచోట్లా కనిపించాలి. ఒక్క మెట్టు దగ్గరే కనిపించిందంటే పొరపాటు ఆ సీసా నింపడంలోనే. గ్రాఫు చూసి, గీత దాదాపు తిన్నగానే ఉంది కదా అనుకుంటే ఇది దొరకదు. మెట్టుకూ మెట్టుకూ మధ్య తేడాను విడివిడిగా రాసుకోవాలి.

మొదటి సీసాను 100 మి.లీ. చేసేది ఇందుకే. రెండో సీసాకు 25, కొలతకు 10 పోగా ఇంకా 60 మి.లీ. దాకా మిగిలి ఉంటుంది. అందులోంచి 25 తీసి, 25 పిపెట్‌ను చేతిలో పట్టుకుని అంకె రెండుసార్లు చదివి నీళ్లు పోశాను. రెండు నుంచి ఆరు దాకా ఐదు సీసాలూ మళ్లీ చేశాను. ఈసారి ఐదు మెట్లూ 18 దగ్గరే వచ్చాయి. ఆ బోరు నీళ్లు 1.6 చూపించాయి.