రెండు కొసల నుంచి మొదలుపెడితే: టూ పాయింటర్ పద్ధతి ఎందుకు పొరపాటు పడదు

ఈ ఎనిమిది సంఖ్యలు చూడండి: 3, 8, 12, 17, 21, 29, 34, 40. చిన్నదాని నుంచి పెద్దదాకా వరుసగా ఉన్నాయి. వీటిలో ఏ రెండింటిని కూడితే 38 వస్తుంది?

ప్రోగ్రామింగ్ ఉద్యోగాల ఇంటర్వ్యూల్లో తరచూ అడిగే ప్రశ్న ఇది. ముందుగా ఎవరికైనా తట్టేది ప్రతి జతనూ కూడి చూడటం. ఎనిమిది సంఖ్యలకు 28 జతలే కాబట్టి పెద్ద కష్టం లేదు. అదే లక్ష సంఖ్యలైతే జతలు దాదాపు 500 కోట్లు అవుతాయి. సంఖ్యలు వరుసలో ఉన్నాయన్న విషయాన్ని ఈ పద్ధతి అసలు పట్టించుకోదు. టూ పాయింటర్ పద్ధతి దాన్నే ఆసరా చేసుకుంటుంది.

ఒక వేలు ఎడమ కొసన 3 మీద, ఇంకో వేలు కుడి కొసన 40 మీద పెట్టండి. ఆ వేళ్ళే పాయింటర్లు. రెంటినీ కూడితే 43 వచ్చింది, మనకు కావలసిన 38 కన్నా ఎక్కువ. కాబట్టి కుడి వేలిని ఒక అడుగు లోపలికి, 34 మీదికి జరుపుతాం. ఇప్పుడు 3, 34 కలిపి 37. ఒకటి తక్కువైంది, కాబట్టి ఎడమ వేలిని 8 మీదికి జరుపుతాం. 8, 34 కలిపితే 42, ఎక్కువ. 8, 29 కలిపితే 37, తక్కువ. 12, 29 కలిపితే 41, ఎక్కువ. 12, 21 కలిపితే 33, తక్కువ. 17, 21 కలిపితే 38, దొరికింది. మొత్తం ఏడు కూడికలు.

ఇంతవరకూ చాలామందికి సులువుగానే అర్థమవుతుంది. సందేహం ఆ తర్వాత మొదలవుతుంది. మొదటి అడుగులోనే 40ని వదిలేశాం కదా, దాన్ని 3తో తప్ప ఇంకెవరితోనూ కూడి చూడలేదు. 8తోనో 12తోనో కలిపితే 38 రావచ్చేమో? రాదు. ఎందుకు రాదో తెలిస్తేనే ఈ పద్ధతి తెలిసినట్టు, వేళ్ళు జరిపే తీరు బట్టీ పడితే సరిపోదు.

40ని మనం కలిపింది అందరిలోకీ చిన్నదైన 3తో. దానితోనే 43 అయి కూర్చుంది. మిగతావన్నీ 3 కన్నా పెద్దవి కాబట్టి వాటితో కలిపితే మొత్తం ఇంకా పెరుగుతుందే గానీ తగ్గదు. అంటే ఒక్క కూడికతో 40కి ఉన్న ఏడు జతలూ పనికిరావని తేలిపోయింది. రెండో అడుగులో ఇదే వాదన తిరగబడుతుంది. అప్పటికి మిగిలినవాటిలో అన్నిటికన్నా పెద్దది 34. దానితో కలిసినా 3 చేరింది 37 దాకానే. అంతకన్నా చిన్నవాటితో కలిస్తే 38కి చేరే ప్రశ్నే లేదు. కాబట్టి 3 కూడా శాశ్వతంగా తప్పుకుంది.

ప్రతి కూడికా మనకు ఒక జత గురించి చెబుతున్నట్టు కనిపిస్తుంది. నిజానికి అది ఒక సంఖ్య మొత్తం భవిష్యత్తునే తేల్చేస్తోంది. జవాబంటూ ఒకటి ఉంటే అది ఎప్పుడూ రెండు వేళ్ళ మధ్యలోనే, ఆ వేళ్ళు ఉన్న చోట్లతో సహా, ఉంటుంది. మొదట్లో ఇది నిజం, ప్రతి అడుగు తర్వాతా నిజంగానే మిగులుతుంది. అందుకే వెనక్కి తిరిగి చూడాల్సిన అవసరం ఎక్కడా రాదు. ఒక్కో అడుగుకి ఒక్కో సంఖ్య పోతుంది కాబట్టి లక్ష సంఖ్యలున్నా కూడికలు 99,999 దాటవు.

పైథాన్‌లో రాస్తే ఇంతే:

```python
def find_pair(a, target):
    i, j = 0, len(a) - 1
    while i < j:
        s = a[i] + a[j]
        if s == target:
            return i, j
        if s < target:
            i += 1
        else:
            j -= 1
    return None
```

ఇందులో `i < j` అన్న చోట కాస్త ఆగాలి. అక్కడ `i <= j` అని రాసినా ప్రోగ్రామ్ నడుస్తుంది, చాలా టెస్టులు పాసవుతాయి కూడా. కానీ మన జాబితాలోనే 34 కోసం వెతకండి. 34 ఇచ్చే జత ఏదీ లేదు. వేళ్ళు జరుగుతూ జరుగుతూ చివరికి రెండూ 17 మీదికి వచ్చి చేరతాయి. అప్పుడు 17ని దానితోనే కూడి 34 దొరికిందని చెప్పేస్తుంది. ఉన్నది ఒకే ఒక్క 17 అయినా సరే. ఈ తప్పు బయటపడాలంటే, జాబితాలోని ఏదో ఒక సంఖ్యకు సరిగ్గా రెట్టింపును టార్గెట్‌గా పెట్టి, జవాబు లేని టెస్ట్ ఒకటి తప్పకుండా రాయాలి.

ఇంతకన్నా ప్రమాదకరమైన తప్పు, సార్ట్ చేయని అర్రేని ఇవ్వడం. ఎర్రర్ ఏమీ రాదు. ఉదాహరణకి 40, 12, 3, 8 అనే వరుసలో 52 కోసం వెతికితే, మొదట 40, 8 కలిపి 48 వస్తుంది. తక్కువైంది కాబట్టి 40ని వదిలేస్తుంది. 40, 12 కలిస్తే 52 అవుతుంది, కానీ ఆ జత చేజారిపోయింది. చివరికి జత లేదని జవాబిస్తుంది. కుడి కొసన ఉన్నదే అన్నిటికన్నా పెద్దది అన్న భరోసా మీద వాదనంతా నిలబడింది. ఆ భరోసా లేనప్పుడు 8తో చాలలేదని 40ని కొట్టేయడానికి ఆధారమే లేదు.

మరి సార్ట్ చేయని జాబితా వస్తే? ఒక్క టార్గెట్ కోసమే అయితే సార్ట్ చేసే ఖర్చు అనవసరం. హ్యాష్ టేబుల్ పెట్టుకుని, ప్రతి సంఖ్య దగ్గరా దానికి కావలసిన జోడీ ఇంతకుముందు కనిపించిందా అని చూస్తూ పోతే ఒకే చుట్టులో అయిపోతుంది. దానికి బదులుగా అదనపు మెమరీ కావాలి. జాబితా ముందే వరుసలో ఉంటే, లేదా అదే జాబితాలో ఎన్నో టార్గెట్లు వెతకాల్సి ఉంటే, నేనైతే రెండు పాయింటర్లనే ఎంచుకుంటాను. సార్ట్ చేసినప్పుడు సంఖ్యల స్థానాలు మారిపోతాయని మాత్రం మరవకూడదు. అసలు జాబితాలో అవి ఎన్నో స్థానంలో ఉండేవో చెప్పాల్సి వస్తే, ఆ స్థానాన్ని కూడా సంఖ్యతో పాటే మోసుకెళ్ళాలి.

ఈ పద్ధతి ఎక్కడిదాకా పనిచేస్తుందో తెలియాలంటే కూడిక బదులు తేడా అడిగి చూడాలి. మన ఎనిమిది సంఖ్యల్లో ఏ రెంటి మధ్య తేడా 9? రెండు కొసల నుంచి మొదలుపెడితే 40, 3ల తేడా 37. బాగా ఎక్కువ, తగ్గించాలి. కానీ ఏ వేలిని జరపాలి? ఎడమ వేలు ముందుకెళ్ళినా తేడా తగ్గుతుంది, కుడి వేలు వెనక్కొచ్చినా తగ్గుతుంది. కూడికలో అయితే ఒక వేలు మొత్తాన్ని పెంచేది, ఇంకో వేలు తగ్గించేది. అందుకే ప్రతిసారీ ఎటు వెళ్ళాలో సందేహం లేకుండా తేలింది. ఇక్కడ ఆ దారి చూపించేది లేదు కాబట్టి మొదలుపెట్టే చోటునే మార్చాలి. రెండు వేళ్ళనీ ఎడమ కొసనే, 3 మీద ఒకటి, 8 మీద ఒకటి పెట్టండి. తేడా తక్కువైతే ముందున్న వేలు జరుగుతుంది, ఎక్కువైతే వెనకున్న వేలు జరుగుతుంది. వెనక వేలు ముందు వేలిని అందుకుంటే మాత్రం ముందుదాన్ని ఇంకో అడుగు జరపాలి. ఇక్కడ 3, 8ల తేడా 5, చాలదు. ముందు వేలు 12 మీదికి వెళ్తుంది, తేడా 9.