కాలేజీ మిద్దె మీద సోలార్: మూడేళ్లలో డబ్బు తిరిగొస్తుందా?

అపోహ: పెట్టిన పెట్టుబడి మూడేళ్లలో వచ్చేస్తుంది.

అనంతపురంలో ఒక డిగ్రీ కాలేజీ ఉందనుకుందాం. ఏడాదికి 50,000 యూనిట్లు వాడుతుంది, కరెంటు బిల్లు నాలుగున్నర లక్షలు. మిద్దె మీద 50 కిలోవాట్లకు చోటుంది కదా, మొత్తం పరిచేద్దామని కమిటీ ఆలోచన. కిలోవాటుకు 50 వేల చొప్పున 25 లక్షలు. కొటేషన్ తెచ్చినాయన కిలోవాటుకు రోజుకు 5 యూనిట్లు, యూనిట్ 9 రూపాయలు అని గుణించి ఏడాదికి 8 లక్షల పైనే ఆదా అని చూపిస్తాడు. బిల్లే నాలుగున్నర లక్షలైతే 8 లక్షలు ఎలా మిగులుతాయని కమిటీలో ఒక్కరూ అడగరు!

వాస్తవం: ఆ 9 రూపాయలు మొత్తం బిల్లును యూనిట్లతో భాగిస్తే వచ్చిన అంకె. అందులో దాదాపు లక్ష రూపాయలు ఫిక్స్‌డ్, డిమాండ్ ఛార్జీలే. ప్యానెల్స్ పెట్టినా అవి కట్టాల్సిందే. సోలార్ తగ్గించేది యూనిట్ ఛార్జీని మాత్రమే, ఇక్కడ అది 7 రూపాయలు.

ఉత్పత్తి కూడా దుమ్ము, మబ్బులు, లైన్ ఆగిన రోజులు పోను కిలోవాటుకు ఏడాదికి 1,400 యూనిట్లు వేసుకోవడం క్షేమం. అంటే 50 కిలోవాట్లకు 70,000. కాలేజీ వాడకంలో సర్దుబాటయ్యేది 50,000, దాని విలువ మూడున్నర లక్షలు. ఆదివారాలు, వేసవి సెలవుల్లో గ్రిడ్‌కు వెళ్లి చివరికి మిగిలిపోయిన 20,000 యూనిట్లకు వచ్చేది తక్కువ రేటు. 2 రూపాయలు అనుకుంటే 40 వేలు. ఆ డబ్బు కడగడానికి, ఇన్సూరెన్స్‌కు, చిన్న రిపేర్లకే సరిపోతుంది. 25 లక్షలు తిరిగి రావడానికి ఏడేళ్లు దాటుతుంది.

అదే 30 కిలోవాట్లతో ఆపితే ఖర్చు 15 లక్షలు, ఉత్పత్తి 42,000 యూనిట్లు. మొత్తం బిల్లులోనే సర్దుబాటై 2.94 లక్షలు తగ్గుతాయి. నిర్వహణకు 25 వేలు తీసేస్తే ఐదున్నరేళ్లు. నన్నడిగితే మిద్దె వైశాల్యం కాదు, 12 నెలల బిల్లులు ముందు పెట్టుకుని సైజు తేల్చాలి. బ్యాంకు లోన్ తీసుకుంటే వడ్డీ అదనం. పది పన్నెండేళ్లకు ఇన్వర్టర్ మార్చాల్సి రావచ్చు, దానికీ కొంత పక్కన పెట్టాలి.

అపోహ: మన ఎండలకు ఏప్రిల్, మేలో కరెంటు విరగకాస్తుంది.

వాస్తవం: ప్యానెల్‌కు కావాల్సింది వెలుతురు, వేడి కాదు. రేటింగ్ 25 డిగ్రీల దగ్గర కొలిచింది. మధ్యాహ్నం ప్యానెల్ 65 డిగ్రీలకు చేరితే, డిగ్రీకి 0.35 శాతం చొప్పున సుమారు 14 శాతం పడిపోతుంది. అందుకే రేకుల మీద అంటించినట్టు బిగించకుండా కింద గాలి ఆడేలా ఎత్తు పెట్టించాలి.

అపోహ: సబ్సిడీ వస్తుంది.

వాస్తవం: పీఎం సూర్యఘర్ సబ్సిడీ ఇళ్లకు. కాలేజీ లెక్కలో దాన్ని కలపొద్దు.

అపోహ: కరెంటు పోయినా ఫ్యాన్లు తిరుగుతాయి.

వాస్తవం: బ్యాటరీ లేని గ్రిడ్ ఇన్వర్టర్ లైన్ పోగానే ఆగిపోతుంది. స్తంభమెక్కిన లైన్‌మన్‌కు షాక్ కొట్టకుండా అలా తయారుచేశారు. కాబట్టి బడ్జెట్‌లో జనరేటర్ డీజిల్ పద్దును కొట్టేయకండి.