స్కోరుబోర్డు మచ్చ, గోడ స్విచ్చు: ఓఎల్ఈడీ టీవీ బర్న్-ఇన్ వెనుక కథ

టీవీలో పట్టుచీరల ప్రకటన వస్తోంది. తెర నిండా ఎరుపే. పైన ఎడమ మూలలో మాత్రం జానెడు పొడవున ఒక మసక పట్టీ, దాని పక్కన చిన్న చదరం. తెరను తుడిచారు, కేబుల్ మార్చి చూశారు, సెట్‌టాప్ బాక్స్ తీసేసి చూశారు. పోలేదు. అనంతపురం మెకానిక్ ఒక్క నిమిషం చూసి, "మీవోడు ఫుట్‌బాల్ గేమ్ ఆడతాడా అన్నా? ఎప్పుడూ ఎర్ర జెర్సీ టీమేనా?" అని అడిగాడు. రెండిటికీ అవుననే జవాబు. ఆ పట్టీ గేమ్ స్కోరుబోర్డు. ఆ చదరం జట్టు రంగు చూపించే పెట్టె.

దీన్నే బర్న్-ఇన్ అంటున్నారు. బొమ్మ తెరకు అతుక్కుపోయిందని చాలామంది అనుకుంటారు గానీ జరిగేది అది కాదు. ఓఎల్ఈడీ తెరలో వెనక లైటు ఉండదు, ప్రతి పిక్సెల్ తన వెలుగు తనే ఇస్తుంది. వెలిగిన కొద్దీ అందులోని సేంద్రియ పదార్థం అరుగుతుంది. తెరంతా సమానంగా అరిగితే కంటికి తెలియదు. ఒకేచోట, ఒకే రంగు, వందల గంటలు వెలిగితే అక్కడి పిక్సెళ్లు పక్కవాటికంటే ముందు ముసలివైపోతాయి. అందుకే మచ్చ ఎప్పుడూ అసలు బొమ్మకు తిరగేసినట్టు ఉంటుంది. ఒకప్పుడు బాగా వెలిగిన చోటే ఇప్పుడు మసకగా కనిపిస్తుంది.

గేముల వల్ల తెర పాడవడం ఓఎల్ఈడీతో మొదలైన గొడవ కాదు. పాత గాజు ట్యూబు టీవీల్లో వెలుగిచ్చే ఫాస్ఫర్ పూత కూడా ఇలాగే అరిగేది. పాత ఏటీఎంలలో కార్డు పెట్టకముందే మెనూ అక్షరాల నీడ కనిపించేది, గుర్తుండే ఉంటుంది. 1977లో వచ్చిన అటారీ గేమ్ మెషిన్‌లో దీనికి ఒక ఉపాయం పెట్టారు. ఎవరూ ఆడకుండా కాసేపు వదిలేస్తే చాలా గేముల్లో తెర రంగులు వాటంతటవే మారుతూ ఉండేవి. ఆ తర్వాత అదే కంపెనీ తెచ్చిన ఇంటి కంప్యూటర్లలో దాదాపు తొమ్మిది నిమిషాలు ఏ కీ నొక్కకపోతే ఆ రంగుల మార్పు మొదలయ్యేది. అంటే ఈ జబ్బుకూ గేములకూ దోస్తీ దాదాపు 50 ఏళ్ల నాటిది.

ప్లాస్మా టీవీలు వచ్చినప్పుడు భయం పెద్దదైంది. 2005, 2006లలో కొత్త తరం హెచ్‌డీ కన్సోళ్లు, పెద్ద ప్లాస్మా తెరలు కలిసి ఇళ్లలోకి వచ్చాయి. కదలని గేమ్ బొమ్మలు ఎక్కువసేపు ఉంచవద్దని మాన్యువల్స్‌లో రాసేవాళ్లు. తర్వాత ఎల్‌సీడీ, ఎల్ఈడీ టీవీలు మార్కెట్‌ను ఊడ్చేశాయి. ప్యానాసోనిక్ 2013లో ప్లాస్మా ఆపేస్తున్నట్టు ప్రకటించింది, మిగతా పెద్ద కంపెనీలూ కొద్దికాలానికే మానేశాయి. ఎల్‌సీడీలో వెలుగు వెనక ఉన్న లైటు నుంచి వస్తుంది కాబట్టి ఈ రకం అరుగుదల ఉండదు. ఆ కొన్నేళ్లలో గేములు ఆడేవాళ్లు ఈ భయాన్ని మరిచిపోయారు. టీవీ అంటే ఎలా వాడినా ఏమీ కాదు అన్న అలవాటు అప్పుడే పడింది.

సరిగ్గా ఆ 2013లోనే 55 అంగుళాల ఓఎల్ఈడీ టీవీలు అమ్మకానికి వచ్చాయి. నలుపు నిజంగా నలుపుగా కనిపించే తెర, బటన్ నొక్కగానే స్పందించే వేగం. గేమర్లకు ఇంతకంటే ఏం కావాలి? పాత జబ్బు మాత్రం కొత్త రూపంలో వెంటే వచ్చింది. 2018లో ఆర్‌టింగ్స్ అనే టీవీల పరీక్షా సంస్థ ఆరు ఒకే మోడల్ ఓఎల్ఈడీ టీవీలను రోజుకు 20 గంటలు నడిపే పరీక్ష మొదలుపెట్టింది. ఒక్కో దాంట్లో ఒక్కో రకం కార్యక్రమం. పూర్తి బ్రైట్‌నెస్‌తో న్యూస్ ఛానల్ నడిచిన టీవీలో మచ్చలు త్వరగా, గట్టిగా పడ్డాయి. కాల్ ఆఫ్ డ్యూటీ గేమ్ నడిచిన టీవీలో వేల గంటల తర్వాత కూడా కంటికి కనిపించే మచ్చ రాలేదు. ఆ గేమ్‌లో తెర మీది గుర్తులు సన్నగా, కొద్దిగా ఉంటాయి. న్యూస్ ఛానల్ లోగో, కింది పట్టీ మాత్రం దట్టమైన రంగుతో రోజంతా కదలవు. గేమ్ అనగానే ప్రమాదమని కాదు. ఎంత వెలుగు, ఎంతసేపు, ఒకేచోట అన్నదే లెక్క. మన తెలుగు న్యూస్ ఛానళ్ల తెరను ఒకసారి తలుచుకోండి, మూడువంతులు ఎర్ర పట్టీలే!

ఆ పరీక్షలో అంతగా ఎవరూ మాట్లాడుకోని విషయం ఒకటుంది. టీవీలను ఏకబిగిన నడపలేదు. అయిదు గంటలు ఆన్, ఒక గంట ఆఫ్, మళ్లీ అయిదు గంటలు. ఆ ఆఫ్‌లో కరెంటు మాత్రం తీయలేదు. టీవీ తనను తాను సర్దుకునేది ఆ సమయంలోనే.

ఓఎల్ఈడీ టీవీలో రెండు రకాల సర్దుబాట్లు ఉంటాయి. మొదటిది చిన్నది. మొత్తం కలిపి నాలుగు గంటలు చూశాక, రిమోట్‌తో ఆఫ్ చేసినప్పుడు, టీవీ పిక్సెళ్లను నడిపే ట్రాన్సిస్టర్లను లోపల్లోపల కొలిచి తేడాలు సరిచేసుకుంటుంది. పది నిమిషాల పని. తెర మీద ఏమీ కనిపించదు. రెండోది పెద్దది. ఎల్‌జీ టీవీల్లో సుమారు 2,000 గంటలకు ఒకసారి వస్తుంది, గంట సేపు పడుతుంది. పిక్సెళ్ల అరుగుదలను బట్టి వెలుగు తేడాను కప్పుతుంది. అరిగిన పదార్థం తిరిగిరాదు, తేడా కనబడకుండా చేయడమే ఇది.

ఇక్కడే మన ఊళ్ల అలవాటు అడ్డం వస్తుంది. కర్నూలైనా కడపైనా, పడుకునే ముందు టీవీని గోడ దగ్గర స్విచ్ ఆఫ్ చేయడం చాలా ఇళ్లలో రివాజు. స్టెబిలైజర్ ఆపేస్తారు, కొందరు ప్లగ్గే పీకేస్తారు. వోల్టేజీ హెచ్చుతగ్గులు, పిడుగుల భయం, కరెంటు బిల్లు, కారణాలు అన్నీ న్యాయమైనవే. ఎల్ఈడీ టీవీకి దీనివల్ల నష్టం లేదు. ఓఎల్ఈడీకి మాత్రం ఆ పది నిమిషాల పని జరగకుండా పోతుంది.

మొదట చెప్పిన అనంతపురం ఇంటి లెక్కే వేద్దాం. సాయంత్రం నాయన రెండు గంటలు న్యూస్ చూస్తాడు. తర్వాత కొడుకు మూడు గంటలు ఫుట్‌బాల్ గేమ్ ఆడతాడు. రోజుకు అయిదు గంటలైంది, అంటే రోజూ రాత్రి చిన్న సర్దుబాటు జరగాల్సిందే. పదకొండుకు ఇంట్లో ఎవరో ఒకరు వచ్చి గోడ స్విచ్ టక్కున కొడతారు. ఏడాది తిరిగేసరికి స్కోరుబోర్డు అదే మూలలో వెయ్యి గంటలకు పైగా వెలిగింది, సర్దుబాటు మాత్రం ఒక్క రాత్రి కూడా పూర్తికాలేదు. గేమ్ పిక్చర్ మోడ్‌లో బ్రైట్‌నెస్ 100 మీద ఉంది. దానికి తోడు అనంతపురం ఎండ. మాన్యువల్స్‌లో చాలావరకు వాడకానికి 40 డిగ్రీల హద్దు రాసి ఉంటుంది. మే నెలలో ఏసీ లేని గదిలో, గోడకు అంటించిన టీవీ వెనక వేడి ఎంతుంటుందో చెప్పక్కర్లేదు. వేడి పెరిగితే అరుగుదల వేగం పెరుగుతుంది.

కాబట్టి మొదటి మార్పు స్విచ్ దగ్గరే. రిమోట్‌తో ఆఫ్ చేసి, కనీసం పావుగంట ఆగాక గోడ స్విచ్ తీయండి. ఉరుములు మెరుపులు ఉన్న రాత్రి వెంటనే ప్లగ్ పీకేయడమే మేలు, సర్దుబాటు మర్నాడు జరుగుతుంది. టీవీని ఇన్వర్టర్ లైన్ మీద పెట్టుకున్నవాళ్లకు ఆఫ్ చేసిన వెంటనే కరెంటు పోయినా ఆ పది నిమిషాలు దొరుకుతాయి.

రెండోది గేమ్‌లోనే. ఫుట్‌బాల్ గేముల సెట్టింగ్స్‌లో Time/Score Display అని ఉంటుంది, దాన్ని ఆఫ్ చేయొచ్చు. జీటీఏ 5లో Display మెనూలో మూల మ్యాప్‌కు Radar, తెర మీది మిగతా గుర్తులకు HUD అని విడివిడిగా ఉంటాయి. మూల మ్యాప్ లేకుండా ఆడటం మొదట్లో చిరాగ్గానే ఉంటుంది, అది ఒప్పుకోవాలి. అలాంటప్పుడు గేమ్‌లో పారదర్శకత పెంచే వీలుంటే గుర్తులను సగం మసక చేసుకున్నా చాలు.

మూడోది బ్రైట్‌నెస్. ఎల్‌జీలో OLED Pixel Brightness అనే పేరుతో ఉండేది అరుగుదలను నేరుగా శాసిస్తుంది. రాత్రి లైట్లు తీసిన గదిలో 100 అవసరం లేదు, 50 దగ్గర పెడితే కళ్లకూ హాయి. OLED Care మెనూలో Adjust Logo Brightness, Screen Move కూడా ఆన్‌లో ఉంచాలి. మొదటిది కదలని లోగోను గుర్తించి వెలుగు తగ్గిస్తుంది. రెండోది బొమ్మను కొన్ని పిక్సెళ్లు అటూఇటూ జరుపుతుంది. అయితే పెద్ద స్కోరుబోర్డు మధ్యభాగానికి దాంతో ఒరిగేదేమీ లేదు, అంచులు మాత్రమే మెత్తబడతాయి. తెర కదలకుండా ఉంటే టీవీ తానే మెల్లగా డిమ్ అవుతుంది. అది నచ్చక సర్వీస్ రిమోట్ కొని దాన్ని ఆపేసేవాళ్లున్నారు. ఉన్న కాపలాదారుణ్ణి ఇంటికి పంపేయడం అంటే ఇదే.

మచ్చ కనిపించిందని వెంటనే గాభరా పడొద్దు. తాత్కాలిక నీడ కూడా ఉంటుంది. కదిలే సినిమా ఏదైనా రెండు గంటలు చూసి, రిమోట్‌తో ఆపి రాత్రంతా వదిలేయండి. మర్నాడు పూర్తి ఎరుపు, పసుపు, బూడిద రంగుల తెరలను ఒక్కొక్కటిగా పెట్టి చూడండి. ఒక్క రంగులోనే కనిపిస్తే పిక్సెళ్లలో ఆ రంగు వెలుగిచ్చే భాగాలు మాత్రమే అరిగాయని అర్థం. అనంతపురం టీవీలో ఎర్ర చదరం ఎరుపు తెర మీదే బయటపడింది.

అప్పుడు చేతితో పెద్ద సర్దుబాటు నడపొచ్చు. ఎల్‌జీలో Pixel Cleaning, సోనీలో Panel Refresh, శాంసంగ్‌లో Pixel Refresh అంటారు. ఇది మాటిమాటికీ చేసే పని కాదు. దీన్ని ఏడాదికి ఒకసారికి మించి చేస్తే ప్యానెల్ ఆయుష్షు మీద ప్రభావం పడొచ్చని సోనీయే చెబుతుంది. గది ఉష్ణోగ్రత 10 నుంచి 40 డిగ్రీల మధ్య ఉండాలని కూడా అంటుంది. కడపలో వేసవి మధ్యాహ్నం నడిపితే పని మధ్యలో ఆగిపోవచ్చు. తెల్లవారుజామున నడపండి, ఆ గంటలో కరెంటు పోయే అవకాశం లేని రోజు చూసుకోండి.

టీవీ తయారీ కూడా ఆగిపోలేదు. 2022లో నీలి ఓఎల్ఈడీ మీద, వెలుగు రంగును మార్చే క్వాంటమ్ డాట్లు అనే సూక్ష్మ కణాలు వాడే క్యూడీ-ఓఎల్ఈడీ టీవీలు వచ్చాయి. 2025లో ఎల్‌జీ డిస్‌ప్లే వెలుగిచ్చే పొరలను నాలుగుకు పెంచింది. ఒక్కో పొర మీద భారం తగ్గడంతో అంతే వెలుగుకు అరుగుదల తక్కువ. ఆ పొదుపును ఎక్కువ బ్రైట్‌నెస్ ఇవ్వడానికి ఖర్చుపెట్టడం కూడా కంపెనీలకు అలవాటే. వారంటీ విషయానికొస్తే, కదలని బొమ్మల వల్ల పడిన మచ్చలు వర్తించవని షరతుల్లో తరచూ ఉంటుంది. కార్డులో చిన్న అక్షరాల్లో ఉండే ఆ భాగాన్ని బిల్లు కట్టకముందే షాపులో చదివించుకోండి.