సబ్‌టైటిల్స్: అపోహలు - వాస్తవాలు, ఒక పులస వీడియో సాక్షిగా

రాజమండ్రిలో ఒక చిన్న వీడియో యూనిట్‌లో ఇంటర్న్‌గా చేస్తున్నాను. ఎడిట్ అయిపోయిన షార్ట్ వీడియోలకు తెలుగులో ఒకటి, ఇంగ్లీషులో ఒకటి సబ్‌టైటిల్ ఫైల్ తయారుచేయడం నా పని. ఈ మధ్య ఏటి గట్టున ఒక పెద్దాయనతో పులస చేప గురించి తీసిన వీడియో వచ్చింది, రెండున్నర నిమిషాలది. సబ్‌టైటిల్స్ గురించి జనం నాతో అనేవీ, మొదట్లో నేనూ నమ్మినవీ చాలావరకు ఆ ఒక్క వీడియోలోనే ఎదురుపడ్డాయి, అందుకే ఉదాహరణలన్నీ దాన్నుంచే ఇస్తున్నాను. పెద్దాయన్ని ఇక్కడ కూడా బాబాయి అనే అంటాను, షూటింగ్‌లో అలాగే పిలిచాం.

అపోహ: అన్నది అన్నట్టు మొత్తం టైప్ చేస్తే అదే సబ్‌టైటిల్.

అది ట్రాన్స్‌క్రిప్ట్. మనం వినే వేగం వేరు, బొమ్మ చూస్తూ మధ్యలో కింద చదివే వేగం వేరు. బాబాయి అన్న మాట ఇది: "మరేనండి, ఎర్రనీరు తగిలిందంటే చాలు, ఇక పులస సముద్రం నించి ఏటికి ఎదురెక్కుద్దండి, ఆయ్, అప్పట్నించీ మాకు నిద్రుండదండి." గుక్క తిప్పుకోకుండా ఆరున్నర సెకన్లలో అనేశాడు. మొత్తం ఒకేసారి తెర మీద పెడితే మూడు లైన్లు అవుతుంది, వెనకాల వల విసురుతున్న షాట్ కాస్తా ఎవరూ చూడరు. నేను దాన్ని రెండు ముక్కలు చేశాను. "ఎర్రనీరు తగిలిందంటే చాలు, పులస సముద్రం నించి ఏటికి ఎదురెక్కుద్దండి" ఒకటి, "అప్పట్నించీ మాకు నిద్రుండదండి" ఇంకొకటి. పోయినవి "మరేనండి", "ఇక", "ఆయ్". విషయం ఏమీ పోలేదు.

ఆయ్‌ని తీసేయడానికి మాత్రం మనసొప్పలేదు, అది లేకపోతే బాబాయి గోదావరి మనిషిలా వినపడడు కదా అనిపించింది. అయితే వీడియో మొదట్లో, కెమెరా వెనకనుంచి "వేటకెళ్తున్నారా బాబాయ్?" అని మేం అడిగినప్పుడు ఆయన "ఆయ్" అని ఒక్క మాటే అంటాడు, అక్కడ అదే జవాబు. దాన్ని అలాగే ఉంచాను. మాట మధ్యలో ఊతపదంగా వచ్చినవి తీసేశాను. ఇంగ్లీషులో ఆ మొదటిదాన్ని `Yes.` అని సరిపెట్టాను, ప్రతి "అండి"కీ ఒక `sir` తగిలించలేదు. అలా తగిలిస్తే ఆయన మర్యాద కనపడదు, ఎవరి దగ్గరో నౌకరీ చేస్తున్నట్టు ఉంటుంది.

అపోహ: తెలుగు సబ్‌టైటిల్‌లో యాసను సరిదిద్ది రాయాలి.

"ఎదురెక్కుద్ది" అని వినపడుతుంటే కింద "ఎదురెక్కుతుంది" అని ఉంటే చదివేవాడి చెవికీ కంటికీ పేచీ వస్తుంది, ఒక్క క్షణం ఆగి ఏది కరెక్ట్ అని చూసుకుంటాడు, ఆ క్షణంలో తరవాతి మాట దాటిపోతుంది. ఆయన తప్పు మాట్లాడాడని మనం అన్నట్టు కూడా అవుతుంది, అది నాకు అసలు నచ్చదు. చదవడానికి తికమక పెట్టే కలగాపులగపు సంధి ఉంటే విడదీస్తాను, అంతవరకే.

అపోహ: ఇంగ్లీషుకు పెట్టుకున్న అక్షరాల లెక్కే తెలుగుకూ సరిపోతుంది.

ఇంగ్లీషు సబ్‌టైటిల్‌కు సెకనుకు 17 అక్షరాలు దాటకూడదని చాలామంది పాటిస్తారు, నేనూ అదే పెట్టుకున్నాను. దాటితే సబ్‌టైటిల్ టూల్‌లో ఆ లైను ఎర్రబడుతుంది. "అప్పట్నించీ మాకు నిద్రుండదండి" దగ్గర అలాగే ఎర్రబడింది, 1.6 సెకన్లకు 29 అక్షరాలని చూపించింది. ఇదేంటి, ఇంత చిన్న మాటకి అనుకుని కూర్చుని లెక్కపెట్టాను. చాలా టూల్స్ గుణింతం గుర్తునూ, పొల్లునూ, వత్తునూ, సున్నానూ విడివిడిగా లెక్కేస్తాయి. "నిద్రుండదండి" మన కంటికి ని, ద్రుం, డ, దం, డి అని ఐదే, టూల్‌కి పన్నెండు. మొత్తం లైను మన లెక్కలో పదకొండు అక్షరాలు, అంటే సెకనుకు ఏడు కూడా లేవు, హాయిగా చదవొచ్చు. ఆ ఎరుపు చూసి నేను భయపడి "మాకు" తీసేసి ఉంటే, నిద్ర లేనిది ఎవరికో తెలియకుండా పోయేది.

అందుకని తెలుగు ఫైల్‌లో నోటితో పలికే అక్షరాలే లెక్కపెడతాను. సెకనుకు ఎనిమిది తొమ్మిది దాటితే కుదిస్తాను. ఇది పుస్తకంలో దొరికిన రూలు కాదు, మా ఆఫీసులో నలుగురికి ఫోన్ ఇచ్చి సౌండ్ తీసేసి చదివించి పెట్టుకున్న హద్దు. లైను పొడవు సంగతి దీనికి తిరగబడుతుంది. నెట్‌ఫ్లిక్స్ నియమాల్లో ఇంగ్లీషు లైనుకు 42 అక్షరాలు, కానీ మన అక్షరాలు వెడల్పు, పైగా నిలువు వీడియోలో చోటు తక్కువ, అక్కడ ఏ అంకె కన్నా ఫోన్‌లో పెట్టి చూసుకోవడమే మేలు.

అపోహ: ముందు తెలుగు ఫైల్ చేసి, టైమింగ్ కదపకుండా మాటలు మాత్రం ఇంగ్లీషులోకి మార్చితే చాలు.

నేను ఎక్కువ దెబ్బతిన్నది ఇక్కడే. బాబాయి వీడియో నడుమ మన సామెత అంటాడు. "పుస్తెలమ్మైనా..." అని ఆపి, మా కెమెరామేన్ వైపు చూసి నవ్వి, "పులస తినాలంటారండి" అని ముగిస్తాడు. మధ్యలో మౌనం 1.6 సెకన్లు. ఆ మౌనంలోనే ఉంది మజా అంతా. నేను మొదట దాన్ని ఒకే సబ్‌టైటిల్‌గా పెట్టాను:

```
They say you must eat pulasa
even if you have to sell your thali.
```

వ్యాకరణం బాగానే ఉంది. కానీ బాబాయి ఇంకా పుస్తెల దగ్గరే ఉండగా ఇంగ్లీషు చదివేవాళ్లకు పులస ముందే తెలిసిపోయింది, ఆయన ఆగి నవ్వేది ఎందుకో వాళ్లకు అర్థం కాలేదు. తెలుగులో అసలు క్రియ చివరికి వస్తుంది, ఇంగ్లీషులో ముందుకొచ్చేస్తుంది, అందువల్ల మామూలుగా అనువదిస్తే చివరి మాట మొదటే బయటపడిపోతుంది. రెండో తప్పు ఇంకా పెద్దది. తెలుగు రాని ఒక స్నేహితురాలికి చూపిస్తే, చేపల వీడియో కదా, `thali` అంటే భోజనం పళ్లెం అనుకుంది. తాళి ఆమె తలపుకే రాలేదు.

మళ్లీ ఇలా చేశాను:

```
17
00:00:48,200 --> 00:00:50,820
Sell your wedding gold
if you must...

18
00:00:50,900 --> 00:00:52,800
but eat pulasa, they say.
```

"పుస్తెలమ్మైనా" అనడానికి ఆయనకు పట్టింది 1.1 సెకన్లు. మొదటి ముక్కలో ఇంగ్లీషు అక్షరాలు 36. మాట ఆగిన చోటే సబ్‌టైటిల్ తీసేస్తే ఎవరూ చదవలేరు. దాన్ని మౌనం మొత్తం నిలబెట్టి, రెండో మాట మొదలవడానికి 80 మిల్లీసెకన్ల ముందు తీశాను, అప్పుడు 2.62 సెకన్లు దొరికింది, సెకనుకు 14 అక్షరాల లోపే. ఆ 80 మిల్లీసెకన్లు సెకనుకు 25 ఫ్రేముల మా వీడియోలో రెండు ఫ్రేములు, అంత ఖాళీ లేకపోతే కింద అక్షరాలు మారాయని కంటికి తెలియదు. రెండోది ఆయన మాట అయిపోయాక కూడా అర సెకను ఉంచాను. తెలుగు ఫైల్‌లో ఇవే రెండు ముక్కలు, కానీ మొదటిది అంతసేపు ఉండక్కర్లేదు, "పుస్తెలమ్మైనా..." ఒక్క చూపులో చదివేస్తాం. రెండు భాషలకూ ఒకటే టైమింగ్ అనుకోవడం ఇలాంటి చోట్లే చెడుతుంది.

పేరు విషయంలో కూడా ఒక మాట. ఇంగ్లీషులో దీన్ని `hilsa` అంటారని మొదట అదే రాశాను. తీరా బాబాయి "సముద్రంలో ఉన్నంతసేపూ ఇలసేనండి, ఏట్లోకొస్తేనే పులస" అన్నాడు. రెండిటికీ ఒకటే మాట పెడితే ఆయన చెప్పింది ఏమీ మిగలదు. అందుకని రెండు పేర్లూ మనవే ఉంచాను, వీడియో మొత్తంలో ఎక్కడా మార్చలేదు:

```
In the sea, it's ilasa.
Only in the river is it pulasa.
```

అపోహ: మాట మొదలూ చివరా పట్టుకుంటే టైమింగ్ అయిపోయినట్టే.

మొదలు సంగతి నిజమే, టూల్‌లో శబ్దాన్ని గీతగా చూపే వేవ్‌ఫామ్ లేచిన చోట పెడితే సరిపోతుంది. చివర దగ్గర షాట్ మారడం చూసుకోవాలి. కట్ పడ్డాక మూడు నాలుగు ఫ్రేములు పాత సబ్‌టైటిల్ మిగిలిపోతే, కొత్తదేమో అనుకుని కన్ను మళ్లీ మొదటినుంచి చదువుతుంది. అలాంటప్పుడు కట్ దగ్గరే ఆపేస్తాను, లేదా మాట ఇంకా సాగుతుంటే కట్ దాటించి కనీసం అర సెకను ఉండనిస్తాను.

ఎడిటర్ "లాక్ అయింది" అన్నాక కూడా మారుస్తాడు, ఇది అందరికీ తెలిసిందే. మా వీడియోలో ఆనకట్ట షాట్ ముందు ఒకటిన్నర సెకన్లు కోశాడు. అక్కడిదాకా అన్నీ సరిగ్గా ఉండి తరవాతివన్నీ ఒకే దూరం ఆలస్యంగా వస్తే ఇలాంటి కోతే కారణం, ఆ లైను నుంచి కిందవన్నీ కలిపి అంత ముందే వచ్చేలా జరిపితే సరి, Subtitle Edit టూల్‌లో రెండు నిమిషాల పని. మొదట సరిపోయి, పోనుపోను దూరం పెరుగుతుంటే మాత్రం ఫ్రేమ్ రేటు తేడా అని అర్థం. అప్పుడు జరిపి లాభం లేదు, ఫ్రేమ్ రేటు మార్చాలి.

అపోహ: కంప్యూటర్‌లో బాగా కనపడింది కాబట్టి పంపేయొచ్చు.

తెలుగు ఫైల్‌ను UTF-8 ఎన్‌కోడింగ్‌లో సేవ్ చేయాలి. ANSIలో చేస్తే అక్షరాలు ప్రశ్నార్థకాలైపోతాయి, మూసి తెరిచాక వెనక్కి రావు. వీడియోలోకి సబ్‌టైటిల్స్ అచ్చువేసేటప్పుడు వేరే గొడవ, కొన్ని ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లు వత్తుల్ని కలపలేవు, "నిద్ర" కాస్తా "నిద్‌ర" అవుతుంది. రెండు లైన్ల మధ్య జాగా తక్కువైతే పై లైను వత్తు కింది లైను గుడిలో ఇరుక్కుంటుంది. అందుకని ఎగుమతి చేసిన వీడియోను ఫోన్‌లో వేసి మూడు చోట్ల ఆపి చూస్తాను: "ఎర్రనీరు"లో ర వత్తు, "పుస్తెలు"లో త వత్తు, "నిద్రుండదండి"లో ద్రుం. ఈ వీడియోకు మొదటిసారి "ద్రుం" విరిగింది, ఫాంట్ మార్చినా బాగుపడలేదు, సాఫ్ట్‌వేర్ సెట్టింగుల్లో భారతీయ భాషల టెక్స్ట్ ఇంజిన్ ఎంచుకుని మళ్లీ ఎగుమతి చేశాక మూడూ సరిగ్గా వచ్చాయి.