పటంలో ‘కుంబుం’, ఊళ్లో కంభం: అపోహలు - వాస్తవాలు

పాత పటాల్లోని ఊరి పేర్లకు అసలు తెలుగు రూపాలు వెతకడం నా పని. ఇందులో నేను తరచుగా వినే మాటలు కొన్ని ఉన్నాయి.

అపోహ: ఆంగ్లేయ సర్వేయర్లు నోరు తిరగక పేర్లను ఇష్టం వచ్చినట్టు రాశారు.

వాస్తవం: చాలావరకు వాళ్లు విన్నదాన్నే తమ భాష పద్ధతిలో రాసుకున్నారు. ‘కప్పు’ అనే ఇంగ్లీషు మాటలో ‘యు’ అక్షరం దాదాపు మన ‘అ’లా పలుకుతుంది. కడపకు పాత స్పెల్లింగులో సి తర్వాత యు, ఆ తర్వాత రెండు డిలు ఉన్నాయి. ముందున్న అచ్చు హ్రస్వమని ఆ రెండో డి సూచిస్తుంది. ఆ పద్ధతి తెలియక చదివితేనే అది ‘కుడ్డపా’ అవుతుంది. ప్రకాశం ప్రాంతపు కంభానికీ ఇదే జరిగింది: సి, యు, ఎం, బి, యు, ఎం. రెండు యులనూ ‘అ’గా చదివితే కంబం వస్తుంది.

అపోహ: అయితే స్పెల్లింగును తిరిగి తెలుగులోకి మార్చితే చాలు.

వాస్తవం: చాలదు. ఒత్తు ‘భ’ ఇంగ్లీషు చెవికి వేరుగా వినపడదు కాబట్టి పటంలో అది పోయింది. తమిళనాడులోని కంబానికి కూడా సరిగ్గా ఇదే స్పెల్లింగు! ‘భ’ను తిరిగి ఇచ్చేవి ఊరి తెలుగు దస్తావేజులూ శాసనాలే. 1815లో భారత సర్వేయర్ జనరల్ అయిన కాలిన్ మెకంజీ దగ్గర కావలి సోదరులు వంటి స్థానిక పండితులు పనిచేశారు. వాళ్ల కృషితో చేరిన ఊళ్ల స్థానిక చరిత్రలైన కైఫీయతుల్లో ఎన్నో ఊళ్ల పేర్లు తెలుగు లిపిలోనే ఉన్నాయి. అందుకే పటానికి ముందు నేను కైఫీయతు తెరుస్తాను.

కాగితం దొరకనప్పుడు ఇంటిపేర్లు ఆదుకుంటాయి. ఏలూరు పాత స్పెల్లింగులో రెండు ఎల్‌లు ఉన్నాయి, చివర ‘ఓర్’ ఉంది. పై సూత్రంతో చదివితే ‘ఎల్లోర్’ అనే తప్పు రూపం వస్తుంది. ‘ఏలూరి’ అనే ఇంటిపేరు మాత్రం దీర్ఘాన్నీ, చివరి ‘ఊరు’నూ చెక్కుచెదరకుండా దాచింది.

అపోహ: మార్పు కనిపిస్తే అది బయటివాళ్ల పనే.

వాస్తవం: కందెనవోలు మన నోళ్లలోనే అరిగి కర్నూలైంది. మచిలీపట్నం విషయంలో నేను ఇంకా జాగ్రత్తగా ఉంటాను. ఆంగ్లేయులు రాసిన ‘మసూలిపటం’ను మచిలీకి వికృతి అని తేలిగ్గా అనేస్తారు. కానీ సుమారు రెండు వేల ఏళ్ల నాటి గ్రీకు రచనల్లోనే ఈ తీరానికి మసాలియా, మైసోలియా అనే పేర్లున్నాయి. ఆ ‘స’ పాతదే కావచ్చు. ఇక ఊరివాళ్లు నేటికీ బందరు అనే అంటారు, అదీ తప్పు కాదు.

అందుకే ఎవరైనా సవరించగల ఆన్‌లైన్ పటమైన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ఒక పేరును చెరిపి మరొకటి పెట్టను. తెలుగు రూపాన్ని `name:te` ట్యాగులో, ఊరివాళ్ల పిలుపును `loc_name`లో, పటాల నాటి రూపాన్ని `old_name`లో రాస్తాను. ఆధారం దొరకని ఒత్తును మాత్రం ఊహించి చేర్చను.